టోస్టరు లివరు నిలవకపోవడం, బ్రెడ్డు ఒక పక్కే కాలడం: రెండింటికీ కారణం ఒకటే కావచ్చు

ప్రశ్న: అన్నా, మాది మైపాడు. మా టోస్టరు కొని మూడేళ్లయింది, అడుగున 800 వాట్లు అని ఉంది. లివరు కిందికి నొక్కితే నిలవడం లేదు, వేలు తీయగానే పైకి లేస్తోంది. పట్టుకుని ఉంటే కాలుతోంది గానీ, రెండు ముక్కలకూ బయటి పక్కే ఎర్రగా వస్తోంది, లోపలి పక్క తెల్లగానే ఉంటోంది. లివరు కొక్కెం అరిగిపోయిందా? అప్పటిదాకా రబ్బరు బ్యాండు వేసి వాడుకోవచ్చా?

సమాధానం:

రబ్బరు బ్యాండు మాత్రం వద్దు చెల్లెమ్మా. ముందు ఆ మాట చెప్పాకే మిగతాది. టోస్టరులో టైము చూసి కరెంటు ఆపేది ఆ లివరు పైకి లేవడమే. దాన్ని కట్టేస్తే ఆపేవాడు ఉండడు. పిల్లాడు ఏడ్చాడనో, ఫోను వచ్చిందనో మీరు పక్కకు వెళ్లారంటే బ్రెడ్డు బొగ్గయి, అక్కడి నుంచి మంట లేస్తుంది. టోస్టరు పైన గోడకు క్యాలెండరో, కిటికీ పరదానో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. బాగయ్యేదాకా పెనం మీద కాల్చుకోండి.

ఇక కొక్కెం సంగతి. ఇప్పుడొచ్చే టోస్టర్లలో చాలావాటికి లివరును పట్టి ఉంచే కొక్కెం అసలు ఉండదు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఇరవై ఏళ్లుగా మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, టోస్టర్లు బాగుచేస్తున్నాను. కొక్కెం అరిగిందనే అందరూ తెస్తారు. లివరును పట్టుకునేది ఒక చిన్న కరెంటు అయస్కాంతం. లివరుకు లోపల స్ప్రింగు ఉంటుంది, అది ఎప్పుడూ పైకే లాగుతుంటుంది. మీరు కిందికి నొక్కినప్పుడు లివరుతో పాటు దిగిన ఒక ఇనుప బిళ్ల అయస్కాంతం మొహానికి ఆనుకుంటుంది. అదే క్షణంలో లివరు అడుగున ఉన్న రాగి రేకులు కలుసుకుని కరెంటు లోపలికి వస్తుంది. ఆ కరెంటు అయస్కాంతానికి అందితేనే అది బిళ్లను పట్టుకుంటుంది. అందకపోతే వేలు తీయగానే స్ప్రింగు గెలుస్తుంది. ప్లగ్గు పెట్టకుండా కొత్త టోస్టరు లివరు నొక్కి చూడండి, అది కూడా నిలవదు. కరెంటు లేనప్పుడు నిలవకూడదనే అట్టా చేశారు. లేదంటే కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోయినా టోస్టరు తనంతట తనే కాలడం మొదలుపెడుతుంది.

కాబట్టి లివరు నిలవడం లేదంటే అడగాల్సింది, అయస్కాంతానికి కరెంటు ఎందుకు అందలేదు అని. ఈ ప్రశ్నకు సగం జవాబు మీరు రాసిన దాంట్లోనే ఉంది. పట్టుకుంటే బయటి పక్క కాలుతోంది, లోపలి పక్క తెల్లగా ఉంటోంది అన్నారు, అది కూడా రెండు ముక్కలకూ. అంటే ప్లగ్గు బాగానే ఉంది, వైరు బాగానే ఉంది, అడుగు రేకులు కలుస్తున్నాయి. చెడింది మధ్యలో ఉన్న హీటరు. అయస్కాంతం పనిచేయకపోవడానికి కూడా అదే కారణమై ఉండొచ్చని నా అనుమానం. ఎందుకో చెప్తాను.

టోస్టరు పైనుంచి లోపలికి చూస్తే, అభ్రకం రేకులకు సన్నటి తీగ చుట్టి కనిపిస్తుంది. ఆ రేకును మేం మైకా అంటాం, ఆ తీగ నైక్రోము. రెండు ముక్కల టోస్టరులో సాధారణంగా ఎడమ పక్క ఒక రేకు, కుడి పక్క ఒక రేకు, రెండు ముక్కలకూ మధ్యలో ఒక రేకు ఉంటాయి. బయటి రేకులు ఒక్కొక్కటి ఒక్కో ముక్కకు బయటి మొహం కాలుస్తాయి. మధ్య రేకు రెండు ముక్కలకూ లోపలి మొహాలు కాలుస్తుంది, అందుకే దాని వేడి రెట్టింపు ఉంటుంది. చాలా మోడళ్లలో బయటి రెండు రేకులు ఒకదాని వెనక ఒకటి ఒక లైను, మధ్య రేకు విడిగా ఇంకో లైను. 800 వాట్ల టోస్టరయితే ఆ లైనుకు 400, ఈ లైనుకు 400 అనుకోండి.

ఇప్పుడు అసలు కిటుకు. అయస్కాంతానికి, టైమరు బోర్డుకు 230 వోల్టులు అక్కర్లేదు, ఇరవై వోల్టులు అటూఇటూ ఉంటే చాలు. దానికోసం విడిగా ట్రాన్స్‌ఫార్మరు పెడితే ఖర్చు. అందుకని కంపెనీ వాళ్లు హీటరు తీగ చివర నుంచి కొంచెం దూరంలో ఒక వైరు తగిలించి, ఆ చిన్న ముక్క మీద పడే కొద్ది వోల్టులనే బోర్డుకు తీసుకుంటారు. పెద్ద కాలవ చివర చిన్న తూము పెట్టి మడికి నీళ్లు పెట్టుకున్నట్టు. కాలవ పైన ఎక్కడన్నా తెగితే తూముకు నీళ్లు రావు. మీ టోస్టరులో ఆ తూము మధ్య రేకు మీదే ఉంటే, ఆ రేకు తీగ తెగిన రోజు రెండు ఫిర్యాదులూ ఒకేసారి మొదలవుతాయి: లోపలి పక్క కాలదు, లివరు నిలవదు. రెండూ ఒకే రోజు మొదలయ్యాయా అని ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇంట్లోనే తేల్చుకోవడానికి ఒక పరీక్ష. బ్రెడ్డు పెట్టకుండా, వంటగదిలో లైటు ఆపి, లివరును వేలితో అర నిమిషం పట్టుకోండి. మొహం దూరంగా పెట్టి పైనుంచి చూడండి. తీగలు మెల్లగా ఎర్రబడతాయి. ఏ రేకు ఎర్రబడింది, ఏది నల్లగా ఉండిపోయింది అని చూడండి, అంతే. లోపలికి చెంచా, కత్తి, ఫోర్కు, ఏదీ పోనివ్వకండి. ఆ తీగకు పైన పొర ఏమీ ఉండదు, ముట్టుకుంటే 230 వోల్టులూ మీకే.

మూడు రేకులూ ఎర్రబడి లివరు మాత్రం నిలవకపోతే తప్పు అయస్కాంతం దగ్గరో బోర్డులోనో ఉంది. ఏ రేకూ ఎర్రబడకపోతే వైరు, ప్లగ్గు, అడుగు రేకులు చూడాలి. అదే సాకెట్టులో మిక్సీ పెట్టి చూస్తే సగం తేలిపోతుంది. ఒక్క మధ్యదే నల్లగా ఉంటే నా అనుమానం నిజం.

అల్లూరు వైపు నుంచి ఒకాయన తెచ్చిన టోస్టరు సరిగ్గా మీ దానిలాగే ఉండింది. అది ఎట్టా దొరికిందో, ఏం చేశానో వివరంగా చెప్తాను. మీకు తెలిసిన మెకానిక్కు ఉంటే అతనికీ ఉపయోగపడుతుంది.

దాని అడుగున కూడా 800 వాట్లనే రాసి ఉంది. ప్లగ్గు గోడ నుంచి తీసేసి, మల్టీమీటరును ఓమ్‌ల మీద, అంటే కరెంటుకు ఎంత అడ్డం ఉందో కొలిచేలా పెట్టి, ప్లగ్గు రెండు పిన్నులకు ఆనించి, లివరు కిందికి నొక్కి పట్టుకున్నాను. ఎంత రావాలో ముందే లెక్క వేసుకోవచ్చు. 230ని 230తో గుణిస్తే 52,900, దాన్ని 800తో భాగిస్తే 66 ఓమ్‌లు. మంచి టోస్టరయితే 60కి, 70కి మధ్య ఏదో ఒకటి చూపించాలి. మీటరు 131 చూపించింది. దాదాపు రెట్టింపు. కరెంటు పోయే దారి సగమైతే అడ్డం రెట్టింపవుతుంది, అంటే రెండు లైన్లలో ఒకటి లేదన్నమాట. మూత విప్పకముందే జబ్బు సగం బయటపడింది.

అడుగు స్క్రూలు తీసి, లివరు పిడిని, టైమరు గుండీని బయటికి లాగి, మూత పైకి లేపాను. మధ్య రేకు తీగ ఎక్కడా తెగలేదు. పై మూలలో, తీగ చివరను ఇత్తడి రివిట్టుతో ఇనుప పట్టీకి బిగించిన చోట మాత్రం మిరియం గింజంత నల్లమచ్చ ఉంది. వేలుగోటితో కదిపితే తీగ రివిట్టు కింద ఆడింది. ఆ బిగింపు వదులయింది, వదులైన చోట నిప్పురవ్వలు లేచాయి, రవ్వలకు కాలి ఇంకా వదులయింది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఇది ఎక్కువ చూస్తాను. ఉప్పుగాలికి ఆ ఇనుప పట్టీ తుప్పు పడుతుంది, తుప్పు మీద బిగింపు నిలవదు. కార్తీకంలో వానలు పట్టి నెలరోజులు తేమ ఉన్నాక, డిసెంబరు, జనవరుల్లో ఇట్టాంటివి దుకాణానికి వరసగా వస్తాయి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు సోల్డరింగు. టోస్టరులో అది పనికిరాదు. సోల్డరు 200 డిగ్రీల లోపే కరిగిపోతుంది, తీగేమో ఎర్రగా కాలుతుంది. పైగా నైక్రోముకు మామూలు సోల్డరు అంటుకోదు కూడా. నేను నల్లమచ్చను బ్లేడుతో గీరి, పట్టీని తెల్లబడేదాకా రుద్ది, తీగ చివర మెరిసేలా చేసి, సన్నటి స్టీలు బోల్టు, రెండు వాషర్లు, నట్టు వేసి బిగించాను. చివర్లో అర అంగుళం తీగ మిగులు ఉంది కాబట్టి కుదిరింది. మళ్లీ మీటరు పెడితే 65 వచ్చింది.

తీగ చివర్లో కాకుండా రేకు మధ్యలో తెగి ఉంటే నేను ముట్టుకునేవాణ్ణి కాదు. తెగిన రెండు కొసలూ మెలిపెట్టి కలిపితే ఆ రోజుకు పనిచేస్తుంది. కానీ ముడి ఉన్న చోట వేడి ఎక్కువై పది రోజుల్లో మళ్లీ తెగుతుంది. ఈసారి తెగిన కొస వేలాడి బ్రెడ్డును పట్టుకునే ఇనుప జాలికి తగిలిందంటే టోస్టరు ఒళ్లంతా కరెంటే. అట్టాంటి దానికి అదే కొలత మైకా రేకు దొరికితే మార్చాలి. దొరక్కపోతే టోస్టరును పక్కన పెట్టేయాలి. డబ్బులు తీసుకుని ముడి వేసి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

బోర్డు కూడా చూడాలి. తీగ తెగింది తూముకు పైనయితే బోర్డుకు ఏమీ కాదు, కరెంటు రాలేదు అంతే. తూముకు కింద ఉన్న ఆ చిన్న ముక్కే తెగితే మాత్రం, ఇరవై వోల్టులు రావాల్సిన బోర్డు మీదికి ఇంట్లో కరెంటంతా వచ్చి పడుతుంది. బోర్డు మీద నల్లగా కాలిన చోటు, పగిలిన భాగం కనిపిస్తే జరిగింది అదే. అప్పుడు తీగను చూడకుండా కొత్త బోర్డు వేస్తే అది కూడా మొదటి నొక్కుకే పోతుంది. అల్లూరు టోస్టరులో వదులైంది తూముకు పైన, అందుకే బోర్డు శుభ్రంగా ఉంది.

ఇంకొక మాట. బోర్డు మీద ఇరవై వోల్టులేగా అని ప్లగ్గు పెట్టి వేలితో ముట్టుకోకండి. అది నేరుగా ఇంటి లైనుకే కట్టి ఉంది. మన సాకెట్లలో ఫేజు, న్యూట్రలు తారుమారైతే ఆ బోర్డు మొత్తం 230 మీద కూర్చుని ఉంటుంది. మూత విప్పాక ప్లగ్గు గోడకు పెట్టడమనేదే ఉండకూడదు.

అంతా బిగించి నొక్కితే లివరు నిలిచింది. మళ్లీ నొక్కితే నిలవలేదు. నాలుగు సార్లకు ఒకసారి జారిపోతోంది. ఇక్కడే అయస్కాంతం గుణం తెలుసుకోవాలి. అది దూరం నుంచి బిళ్లను లాక్కోలేదు. తనకు ఆనుకున్న బిళ్లను వదలకుండా పట్టుకోవడమే దాని పని. మధ్యలో కాగితం మందం సందు వచ్చినా పట్టు చాలా తగ్గిపోతుంది. ఆ సందును బ్రెడ్డు పొడి, నెయ్యి జిడ్డు, తుప్పు, ఏదన్నా చేయగలదు.

దాన్ని చూసే పద్ధతి సులువు. సన్నటి న్యూస్‌పేపరు పీలిక చాలు. ప్లగ్గు తీసేసి ఉండగా, ఆ పీలికను అయస్కాంతం మొహం మీద పెట్టి, లివరు పూర్తిగా నొక్కి, పీలికను మెల్లగా లాగండి. బిళ్ల సమంగా ఆనితే పీలిక బిగుసుకుంటుంది. ఒక మూల బిగుసుగా, ఇంకో మూల వదులుగా వస్తే బిళ్ల వంకరగా కూర్చుంటోంది. ఈ టోస్టరులో ఎడమ మూల నుంచి పీలిక హాయిగా జారి వచ్చింది. భూతద్దంతో చూస్తే బిళ్ల కుడి మూలన సన్నటి తుప్పు ఉబ్బు, దానికి ఆని ఎడమ మూల లేచిపోయింది. పెన్సిలు రాసినది చెరిపే రబ్బరుతో రుద్ది, స్పిరిటు తడిపిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టాను. తర్వాత ఇరవై సార్లు నొక్కితే ఇరవై సార్లూ నిలిచింది. గరుకు కాగితంతో గట్టిగా రుద్దకండి, మొహం గుంటలు పడితే సందు ఇంకా పెరుగుతుంది. నూనె చుక్క కూడా వేయకండి. నూనెకు పొడి అంటుకుని వారంలో మళ్లీ మొదటికొస్తుంది.

బిళ్ల కొంచెం అటూఇటూ ఊగుతుంటే వదులైందని బిగించవద్దు. సమంగా ఆనుకోవడానికే దాన్ని అట్టా ఊగేలా పెడతారు.

ఇక టైమరు. లివరు అసలు నిలవకపోవడానికి టైమరు కారణం కావడం తక్కువ, నిలిచి తొందరగా లేచిపోతే మాత్రం అనుమానించాలి. దాని పని ఇట్టా ఉంటుంది. బోర్డులో ఒక కెపాసిటరు ఉంటుంది, దాన్ని బిందె అనుకోండి. మీరు తిప్పే గుండీ కుళాయి. గుండీ 1 మీద పెడితే కుళాయి బాగా తెరిచినట్టు, బిందె తొందరగా నిండుతుంది. 5 మీద పెడితే సన్నధార, ఆలస్యంగా నిండుతుంది. బిందె ఒక గీత దాకా నిండగానే బోర్డు అయస్కాంతానికి కరెంటు ఆపేస్తుంది, స్ప్రింగు లివరును పైకి విసురుతుంది. మధ్యలో ఆపే బటను నొక్కితే జరిగేది కూడా ఇదే. అందుకే ఆ బటను జిడ్డుకు లోపలే ఇరుక్కుపోయినా లివరు నిలవదు, ఒకసారి దాన్నీ టకటకలాడించి చూడండి.

ఈ టైమరుకు బ్రెడ్డు రంగు తెలియదు, టైమే తెలుసు. మొదటి ముక్క 3 మీద చక్కగా వచ్చి, వెంటనే పెట్టిన రెండోది మాడితే టైమరు చెడినట్టు కాదు, టోస్టరు ముందే వేడెక్కి ఉంది. అట్టాగే వోల్టేజీ తగ్గినా టైమరు అదే టైముకు ఆపుతుంది గానీ వేడి బాగా తగ్గిపోతుంది. 230కి బదులు 200 వస్తే వేడి ముప్పావు వంతే ఉంటుంది. మీ వైపు రొయ్యల గుంటల ఏరియేటర్లన్నీ తిరిగే వేళ టోస్టు పాలిపోయి వస్తుంటే, అదే టోస్టరును పగటిపూట పెట్టి చూడండి. వోల్టేజీ మరీ పడిపోతే అయస్కాంతం పట్టు కూడా సన్నగిల్లుతుంది.

లివరు నిలిచాక గుయ్యిమని సన్నగా మోగుతూ కొద్ది సెకన్లకే జారిపోతుంటే, అయస్కాంతానికి కరెంటును నిలకడగా ఇచ్చే కెపాసిటరు ఎండిపోయి ఉంటుంది. దాని ఒంటి మీద రాసిన విలువే వేసుకుని, చార ఉన్న కాలును పాతదాని చార వైపే పెట్టి మార్చాలి. ఎంతసేపటికీ లేవకుండా మాడ్చేస్తుంటే మాత్రం అది ఇంటి దగ్గర చూసే పని కాదు. ప్లగ్గు లాగేసి దుకాణానికి పంపండి.

మీలాగా రెండు ముక్కలకూ లోపలి పక్క కాకుండా, ఒక్క ముక్కకే ఒక పక్క తెల్లగా వచ్చేవాళ్లు ఇది చదువుతుంటే, తీగను అనుమానించే ముందు జాలిని చూడండి. లివరు నొక్కగానే రెండు పక్కల నుంచి ఇనుప జాలి దగ్గరికొచ్చి ముక్కను నిలువుగా పట్టుకోవాలి. బేకరీలో మందంగా కోసిన ముక్కను ఎవరన్నా బలవంతంగా దూర్చి ఉంటే జాలి వంగుతుంది, ముక్క ఒక పక్కకు వాలుతుంది, వాలిన పక్క మాడి రెండో పక్క పచ్చిగా ఉంటుంది. చల్లారాక, ప్లగ్గు తీసి, వేళ్లతో తిన్నగా చేస్తే సరిపోతుంది.

అల్లూరు టోస్టరును ఇచ్చేముందు చివరిగా ఒక కొలత తీసుకున్నాను, మీ మెకానిక్కును కూడా ఇది తప్పకుండా అడగండి. లివరు నొక్కి ఉంచి, ప్లగ్గు చిన్న పిన్నుల్లో ఒక్కొక్కదాని నుంచి లోపలి ఇనుప చట్రానికి మీటరు పెడితే ఏమీ చూపించకూడదు. పెద్ద పిన్ను నుంచి చట్రానికి పెడితే దాదాపు సున్నా చూపించాలి. మొదటిదాంట్లో అంకె కనిపించినా, రెండోదాంట్లో కనిపించకపోయినా ఆ టోస్టరు గోడకు పెట్టకూడదు. రెండు పిన్నుల ప్లగ్గయితే ఎర్తు ఉండదు కాబట్టి మొదటి కొలతే చూసుకోవాలి.

ముందు ఆ చీకటి పరీక్ష చేసి మధ్య రేకు ఎర్రబడిందో లేదో రాయండి. మీటరు దొరికితే పిన్నుల మధ్య ఎంత వచ్చిందో అది కూడా చెప్పండి. 66 దగ్గరా, 130 దగ్గరా అన్నదాన్ని బట్టి విప్పాలో వద్దో చెప్తాను.